ఆ పద్దెనిమిది గంటలు ఎవరి ఖాతాలో

నాలుగైంది. ఐదింటికి తాళం పడుతుందట. ఇనప తాళం కాదు, కంప్యూటర్ లోపల పడేది. శుక్రవారం సాయంత్రం ఐదు కాగానే ఆ వారం గంటల పట్టీ మూసుకుపోతుందని, ఆ తర్వాత ఎవరెంత మొత్తుకున్నా అందులో అంకె మారదని, అక్కడున్న అంకెలే లెక్కల విభాగానికి వెళ్ళి బిల్లయి డెన్మార్కులో ఉన్న బీమా కంపెనీకి చేరతాయని మధ్యాహ్నం అన్నం తింటూ మా పిల్ల షాయిస్తా చెప్పింది. చెప్పి, చెయ్యి కడుక్కుంటూ, నా వైపు చూడకుండా ఇంకో మాట అన్నది. "నువ్వు వద్దంటే ఐదు లోపల మార్చేస్తా అబ్బా. ఐదు దాటితే నా చేతిలో ఉండదు." మేడ మీదికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నేను కింద, రాళ్ళ దొడ్లో, రేకుల కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కంభం రోడ్డు మీద యర్రగొండపాలెం బస్సు పోతే దుమ్ము లేచి పలకరాళ్ళ మీద పడింది. తుడవలేదు. పైన మేడగదిలో ఆమె ఆఫీసు కుర్చీ కదిలినప్పుడల్లా కిర్రుమని కిందికి వినబడుతోంది. కదిలితే ఆలోచిస్తోందని లెక్క, కదలకపోతే ఏం లెక్కో తెలియదు.

గంటను ఎట్లా అమ్ముతారు? మూడేళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇదే, ఈ రోజు పుట్టింది కాదు. నేను అమ్మేది రాయి. నేలకు పరిచేది, గోడకు అతికించేది, ఇంకా అక్కడక్కడా బడిపిల్లలు అడిగే పలకలు. రాయిని ఎత్తి చూడొచ్చు, వేలితో తట్టి వినొచ్చు. లోపల చీలిక ఉంటే బొంగురుగా పలుకుతుంది, లేకపోతే గిన్నెలా మోగుతుంది. కొనేవాడు నా ముందే తట్టుకుని కొంటాడు. గంటను తట్టేదెవరు? షాయిస్తా హైదరాబాదు గది ఖాళీ చేసి, ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కంపెనీ ఒప్పుకుందని మూటాముల్లెతో దిగిన రోజున నేను మొదట అడిగింది అదే. నీ సరుకేంది, కొనేదెవరు, కొలిచేదెవరు? ఆమె నవ్వింది. పిల్ల ఉద్యోగం గురించి తండ్రులు జీతం అడుగుతారట, నేను తూకం అడిగానట. కానీ చెప్పింది. నాకు అర్థమయ్యేలా చెప్పడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ వచ్చు. "రెండు రకాల బేరాలుంటయి అబ్బా. ఒకటి గుత్త. ఈ పని ఇంతకు చేసిస్తాం అని ముందే మాట్లాడుకునేది. ఇంకొకటి దినకూలి మాదిరి. మనిషి ఎన్ని గంటలు చేస్తే అన్ని గంటలకు బిల్లు. మాది రెండోది." అంతే, నాకు గని కళ్ళముందు కనబడింది. గుత్తకైతే మేస్త్రీ పరిగెడతాడు, దినకూలికైతే నడుస్తాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నా మనిషి మనిషే కదా అనుకున్నాను.

పట్టీ కూడా చూపించింది ఒకసారి. అడ్డంగా వారాలు, నిలువుగా పనులు. ఒక్కో పనికి ఒక కోడు, ఒక్కో గడిలో ఆ రోజు చేసిన గంటలు, పైన ఆమె పేరు. వారం చివర ఆమె పంపితే, మేనేజరు ప్రకాష్ చూసి సరేనంటాడు. అతను సరేనన్నవి నెలాఖరుకు బిల్లులోకి పోతాయి, బిల్లుకు వెనక మనుషుల పేర్లు, వాళ్ళ గంటలు కుట్టి ఉంటాయి. ఇదంతా నాకు నచ్చింది, శుభ్రంగా ఉంది. ఒక కోడు మాత్రం అన్నిటికీ అడుగున వేరే రంగులో ఉంది. ఇదేంది అంటే, "అది కంపెనీ సొంత ఖాతా. క్లయింటుకు పని లేని గంటలు అందులో రాస్తాం, వాటికి బిల్లు పోదు" అన్నది. మరి అందులో ఎవరూ రాసినట్టు లేదే అన్నాను. నిజంగా ఖాళీగా ఉంది ఆ వరస, నెలల తరబడి. షాయిస్తా కప్పు తీసుకుని టీ తాగింది. ఒక దుకాణంలో తరుగు ఖాతా ఎప్పుడూ సున్నా ఉందంటే ఆ దుకాణంలో రాయి పగలదని నేను నమ్మను. అప్పుడే అడిగి ఉండవలసింది. అడగలేదు, లారీ వచ్చింది, దించుకోవడానికి వెళ్ళిపోయాను.

ఈ వారం జరిగింది ఇది. బీమా కంపెనీ పాత క్లెయిములు లక్షల్లో ఉన్నాయి, వాటిని పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతిలోకి మార్చాలి, మార్చినవి సరిగా వచ్చాయో లేదో ఒక్కొక్కటీ సరిచూడాలి. సరిచూడటానికి ఆమెకు వారం, అంటే నలభై గంటలు పడుతుందని ముందే అంచనా రాశారు. ఈమె, సరిచూసే పనిని దానంతట అదే చేసుకుపోయే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసింది. రాయడం, నడపడం, తప్పొచ్చినవి దిద్దడం, అన్నీ కలిపి ఇరవై రెండు గంటల్లో ముగిసింది. బుధవారం మధ్యాహ్నానికే పని అప్పజెప్పింది. పట్టీలో ఇరవై రెండు వేసింది, మిగతా పద్దెనిమిదీ ఆ అడుగు వరసలో, కంపెనీ ఖాతాలో వేసింది. పట్టీ వెనక్కి వచ్చింది. పక్కన ఒక ముక్క, 'అంచనాకు సరిచేయండి' అని. మళ్ళీ ఇరవై రెండే పంపింది, మళ్ళీ వచ్చింది. అప్పుడు ఫోన్లో అడిగితే ప్రకాష్ అసలు సంగతి చెప్పాడట. మూడు నెలలకు ఇన్ని గంటలని బీమా కంపెనీ ముందే ఆర్డరు ఇస్తుంది. వాడుకోనివి మూడు నెలలు తిరిగేసరికి రద్దయిపోతాయి, పైగా ఇన్ని అక్కర్లేదన్నమాట అని తర్వాతి ఆర్డరు కోస్తారు. ఆర్డరు కోస్తే ఇక్కడ మనుషుల్ని కోస్తారు. "ఎవరికోసం చెప్తున్నానమ్మా, మీకోసమే కదా" అన్నాడట.

నేను నిజం చెప్పాలంటే, మధ్యాహ్నం వింటున్నప్పుడు ప్రకాష్ మాటే నాకు లెక్కగా తోచింది. ఆర్డరు నిలబెట్టుకోవాలని ఏ వ్యాపారికి ఉండదు? ఇంకో వింత కూడా ఉంది. నలభై వేసినా ఇరవై రెండు వేసినా షాయిస్తా జీతం ఒక్క రూపాయి పెరగదు, తగ్గదు. ఆమెకు లాభమూ లేదు, నష్టమూ లేదు. మరి దేనికి ఈ తంటా? అట్లా అనబోయేలోగా, ఉత్తరం పంపేశానని చెప్పింది. ఇంగ్లీషులో రాసిందాన్ని ఫోన్లో చూస్తూ తెలుగులో చదివింది. 'ఈ వారం క్లెయిముల పని మీద నేను చేసినవి ఇరవై రెండు గంటలు. మిగతా పద్దెనిమిది గంటలు కంపెనీ ఖాతాలో వేశాను, వాటిలో ఏం చేశానో కింద రాశాను. చేయని గంటను చేసినట్టుగా నా పేరు మీద క్లయింటుకు పంపడానికి నేను ఒప్పుకోను. ఇక ముందు సరిచూసే పనిని గుత్తకు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను. అప్పుడు పని ఎంత తొందరగా ముగిస్తే అంత లాభం న్యాయంగా మన కంపెనీదే అవుతుంది. పట్టీని ఇరవై రెండుతో మళ్ళీ పంపుతున్నాను.' అంతే. ఎవర్నీ దొంగ అనలేదు. ప్రకాష్ పేరు కూడా ఎత్తలేదు. కింద మాత్రం నకలు లెక్కల విభాగానికి అని ఉంది. గుత్త మాట దగ్గర నేను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాను. కాదంటూనే ఇంకో బేరం ముందు పెట్టింది. ఇది ఎక్కడ నేర్చుకుంది?

కిర్రు. కుర్చీ కదిలింది. నాలుగూ పావు.

కానీ నా అనుమానం నాకుంది, అది ఇంకా తీరలేదు. ఒప్పుకున్న పని తొందరగా ముగిస్తే పూర్తి కూలి ఇవ్వడం మా పలకరాయి పనిలో తాతల నాటి పద్ధతి. రాయి మంచిదైతే ఉలి పెట్టగానే పుస్తకంలా విచ్చుకుంటుంది, చెడ్డదైతే పొద్దంతా కొట్టినా పెచ్చులే. మంచి రాయి పడ్డ రోజు మనిషి పొద్దుండగానే ఇంటికి పోతాడు, కూలి కోయం, చెడ్డ రాయి పడ్డ రోజు చీకటిదాకా కొడతాడు, ఎక్కువ ఇవ్వం. మరి షాయిస్తాకు మంచి రాయి పడింది, తన తెలివితో విచ్చుకునేలా చేసుకుంది. పూర్తి కూలి తీసుకుంటే తప్పేంది? ఇదే అనుకుంటుండగా మాలకొండయ్య వచ్చాడు, నా దగ్గర పలకలు చీల్చే మనిషి. తలగుడ్డ విప్పి దులుపుతూ వచ్చాడు, అంటే పని అయిపోయిందన్నమాట.

"అయిపాయ భాయ్. రాయి ఈ రోజు మాట ఇనింది. నేను పోతుండా."

"పోదువుగాని మాలకొండయ్యా, ఒక మాట చెప్పు. రేప్పొద్దున ఈ రాయి కొన్న మారాజు వచ్చి, మీ మనిషి పొద్దుగూకిందాకా కొట్టినాడా అని అడిగితే ఏం చెప్పమంటావు?"

అతను తలగుడ్డ దులపడం ఆపాడు. "ఎందుకడుగుతుండావు? కూలి కోసేదానికా?"

"కోయనబ్బా, ఊరికే అడుగుతుండా."

"ఊరికే అడిగే మనిషివా నువ్వు?" అన్నాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. "పోయినాడని చెప్పు. నేను పొయ్యేది రోడ్డు మీదనే గదా, అందరూ చూస్తుండారు. దొంగదోవన పోతుండానా ఏంది?" కూలి తీసుకుని, ఎందుకైనా మంచిదని నా ముందే మళ్ళీ లెక్కపెట్టుకుని, సైకిలెక్కి పోయాడు. నేను నవ్వుకున్నాను. నిజమే, అతను పోవడం నేను చూస్తున్నాను, చూస్తూ పూర్తి కూలి ఇస్తున్నాను. అది మా ఇద్దరి ఒప్పందం. డెన్మార్కు వాడు చూడటం లేదు. వాడికి పోయే పట్టీలో మనిషి పోలేదని, శుక్రవారం సాయంత్రం దాకా ఉలి పట్టుకునే ఉందని రాసి పోతుంది. చూస్తూ ఇచ్చేది ఒకటి, చూడడని రాసేది ఒకటి. సరే, ఇంతవరకు ఒప్పుకున్నాను. కానీ ఒప్పుకున్నంత మాత్రాన నా పిల్ల ఎందుకు మీద వేసుకోవాలి? జట్టులో ఇంకా మనుషులున్నారు. షారోన్ అని ఇంకో అమ్మాయి ఉంది, తెలివైనదే, ఆమె నలభైకి నలభై వేసి హాయిగా ఉందట. ప్రకాష్‌కు ఈ పిల్ల మీద కోపం వస్తే ఏం చేస్తాడు? ఇంటి నుంచి పని చేసే వీలు తీసేస్తాడు. అది ఒక్క సంతకం పని. మేడ మీద ఆ కుర్చీ చప్పుడు ఉండదు. మధ్యాహ్నం అన్నానికి ఎదురుగా ఎవరూ కూర్చోరు. మూడేళ్ళుగా అలవాటైన ఆ గంటకు ఏ ధర కట్టాలో నాకు తెలియదు. పోయి చెప్పేద్దాం, మార్చేయమందాం అని లేచాను కూడా. ఫోను మోగింది. తెలియని నంబరు.

"నమస్తే బాబాయ్. ప్రకాష్‌ని. షాయిస్తా మేనేజర్‌ని."

"పాపకేమైంది?" అన్నాను. అని, పాప పైనే ఉందని గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది. "నా నంబరు ఎట్ల దొరికింది నాయనా?"

"అత్యవసరానికని ఆఫీసులో ఇచ్చింది బాబాయ్. మాది కూడా గిద్దలూరే. స్టేషన్ కాడ మా మామోళ్ళ ఇల్లు. మనం మనం ఒకటి, అందుకని చొరవ తీసుకుని చేస్తుండా."

"అట్లనా. గిద్దలూర్లో వానలు పడినాయా?"

"పడలేదు బాబాయ్." అసలు మాటకు వచ్చాడు. "పాప బంగారం, పని రాక్షసి. కానీ చిన్న విషయానికి ఉత్తరాలు రాసి చెడగొట్టుకుంటాంది. నువ్వు ఒక్క మాట చెప్తే వింటది. గంటలు సరిచేసి, ఆ ఉత్తరానికి కింద, పొరపాటున పంపినాను అని ఒక్క ముక్క రాస్తే చాలు. మార్కాపురం నుంచే ఎన్నేళ్ళయినా పని చేసుకోనీ, నాది పూచీ. నా మీద ముగ్గురు పెద్దోళ్ళుండారు బాబాయ్, నా తిప్పలు నాకుండాయి."

గొంతులో దొంగతనం లేదు, అలసట ఉంది. నాకు అతని మీద కోపం రాలేదు. కానీ నలభై ఏళ్ళ బేరాల్లో నాకొక అలవాటు పడింది. ఎదుటివాడు ఏం అడుగుతున్నాడో వినను, తను చేసుకోగలిగింది నన్నెందుకు అడుగుతున్నాడో వింటాను.

"నాయనా, నాకు తెలవక అడుగుతుండా. పట్టీలో అంకె నువ్వు కూడా మార్చొచ్చని చెప్పింది మా పిల్ల. మరి నువ్వే మార్చేసుకోరాదా? మధ్యలో ఆమె ఎందుకు, నేనెందుకు?"

"అది పద్ధతి కాదు బాబాయ్" అన్నాడు.

"పోనీ గుత్త మాటేంది? ఆమె రాసింది గదా."

"గుత్తంటే ఈ ముగ్గురూ ఒప్పుకోవాలి, అవతలోళ్ళు ఒప్పుకోవాలి. ఈ వారానికి గండం గడవనీ బాబాయ్. ఐదు లోపల, దయుంచి."

పెట్టేశాడు. నేను నిలబడే ఉన్నాను, ఎండ రేకుల అంచు దాటి నా చెప్పుల మీదికి వచ్చింది. పద్ధతి కాదంట. వెనక్కి రెండుసార్లు పంపినప్పుడు లేని పద్ధతి ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? ఆలోచించాను. అతను మారిస్తే అంకె కింద చిన్న అక్షరాల్లో ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో పడుతుంది, అది షాయిస్తా చెప్పింది నాకు. ఉత్తరం రాకముందైతే, పిల్ల మరిచిపోయింది నేను సరిచేశాను అని చెప్పుకోవచ్చు. ఇప్పుడు లెక్కల విభాగం దగ్గర నకలుంది. ఇరవై రెండే అని ఆమె చెప్పిన తర్వాత అతను నలభై చేస్తే, తప్పుకు పక్కన అతని పేరే పడుతుంది. బీమా కంపెనీతో రాసుకున్న ఒప్పంద పత్రంలో ఇంకో షరతు కూడా ఉందట. బీమా కంపెనీ ఎప్పుడు కావాలంటే అప్పుడు మనుషుల్ని పంపి, ఈ గంటల్లో ఈ పేరుగల మనిషి నిజంగా కంప్యూటర్ తెరిచి ఉందా, ఏమేం చేసింది అని తిరగేసి చూసుకోవచ్చు. తెరిచిన వేళ, మూసిన వేళ అన్నీ మిషను రాసుకుంటుంది. అట్లా తిరగేసిన రోజున పద్దెనిమిది గంటలు తేలతాయి, తేలినప్పుడు పక్కన పేరు ఉంటుంది. షేక్ షాయిస్తా. ఆర్డరు నిలబడిన లాభం ఆ ముగ్గురిది, పేరు మాత్రం ఈమెది. ఆమెకు రూపాయి లాభం లేదని నేను మధ్యాహ్నం వింతపడ్డాను గదా, ఆ వింత ఇప్పుడు విడిపోయింది. లాభం లేని సరుకు మీద పూచీ ఒక్కటే ఆమెది. ఇట్లాంటి బేరం నా దుకాణానికి వస్తే టీ కూడా ఇవ్వకుండా పంపేస్తాను.

అంతా తెలిసిపోయింది, అయినా కాళ్ళు మెట్ల వైపు పోలేదు. బేరం తెలిసినంత మాత్రాన మేడ మీద కుర్చీ నిలవదు కదా. కాదంటే పోతుంది, ఔనంటే ఉంటుంది. ఎన్నేళ్ళయినా నాది పూచీ అన్నాడు, ఆ మాట చెవిలోనే ఉంది. మా ఇంటామె ఖాతూన్ వంటింట్లోంచి కేకేసింది, "ఏంది అక్కడ రాళ్ళతో సమానంగా నిలబడినావు? టీ చల్లారిపోతాంది!" రెండు గ్లాసులు తీసుకుని మెట్లెక్కాను. పలకల మోపు మోస్తున్నట్టు నెమ్మదిగా ఎక్కాను, టీ తొణకకూడదని కాదు.

షాయిస్తా తలుపు వైపు తిరిగి కూర్చుంది. వెనక తెర మీద పట్టీ ఉంది, ఇరవై రెండు ఉన్న గడి దగ్గర చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది, అంటే ఇంకా మార్చొచ్చు. నేను గ్లాసు ఇచ్చి మంచం మీద కూర్చున్నాను. "ప్రకాష్ ఫోన్ చేసినాడు" అన్నాను. ఆమె ముఖం మారింది. "నీకా? నీకెందుకు చేసినాడు?" "అదే నేనూ అడిగినా. చెప్పలేకపోయినాడు." షాయిస్తా నా ముఖంలోకి చూసింది, ఇంకేదో ఉందా అని వెతికినట్టు. నేను టీ ఊదుకున్నాను. ఊదుకుంటూ నేను కూడా ఆ గీత వైపే చూశాను. వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది, ఇంక వెలగలేదు. గడి బూడిదరంగులోకి మారింది. ఐదు.

కాసేపటికి తెర మూలన రెండు సందేశాలు వచ్చాయి. మొదటిది, పట్టీ ఆమోదించారని, ఇరవై రెండు గంటలు. రెండోది ప్రకాష్ పంపింది, ఆమె నిదానంగా చదివింది. సోమవారం నుంచి ఈ పనిలో ఆమె అవసరం లేదు, హైదరాబాదు ఆఫీసుకు వచ్చి కూర్చోవాలి, ఇంకో పని దొరికేదాకా అక్కడే, కంపెనీ వస్తువులు వెంట తేవాలి. మొదటిదాని కింద, గుత్త గురించి పరిశీలిస్తామని లెక్కల విభాగం వాళ్ళు ఒక్క వాక్యం రాశారు. పరిశీలన అంటే ఏమిటో నాకు తెలుసు, నేనూ చాలామందికి పరిశీలిస్తానని చెప్పాను. షాయిస్తా ముక్కు ఎగబీల్చింది, ఏడవలేదు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది, అడక్కుండా ఉండలేకపోయాను.

"బిల్లు తక్కువ వచ్చిందని ఆ డెన్మార్కు వాళ్ళకు తెలుస్తుందా?"

"తెలీదబ్బా. ఎక్కువొచ్చినా తెలిసేది కాదు."

"ఎవరికీ తెలీదా?"

"మనకు తెలిసింది గదా" అన్నది, కంపెనీ తెర తీగలు ఊడబీకుతూ. పెద్ద తెర అది, బస్సులో పోవాలి. అట్టపెట్టె ఎప్పుడో పారేశారు. నేను కిందికి పోయి రాళ్ళకు వేసే వరిగడ్డి, చెక్కపట్టీలు, తాడు తెచ్చాను. ఆమె తెరను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టబోతే వద్దన్నాను, పలచటివి పడుకోబెడితే దారిలో కుదుపుకు మధ్యకు పగులుతాయి, అంచు మీద నిలబెట్టి కట్టాలి. నిలబెట్టింది, పట్టుకుంది. చుట్టూ గడ్డి కుక్కి, పట్టీలు బిగించి, తాడు తిప్పుతుంటే, "ముడి మరీ గట్టిగా వేయబాక అబ్బా, అక్కడ విప్పేది నేనొక్కదాన్నే" అన్నది.

వేసిన ముడి విప్పి, మళ్ళీ వేశాను.